పొద్దున్నే గొంతు నొప్పి, రాత్రంతా గురక: ముందు ముక్కు చూడాలా, నిద్రలో శ్వాస చూడాలా?

ప్రశ్న: "నాకు 39 ఏళ్లు. నాలుగైదు నెలలుగా పొద్దున లేవగానే గొంతు ఎండిపోయి, మింగితే గీరుకుపోయినట్టు నొప్పి. టిఫిన్ చేసి టీ తాగేసరికి పోతుంది. నోరు తెరుచుకుని పడుకుంటానని, గురక పెడతానని మా ఆవిడ అంటోంది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడినా మార్పు లేదు. ముక్కు చూపించుకోవాలా, స్లీప్ టెస్ట్ చేయించుకోవాలా?"

ముందు ముక్కు చూపించుకోండి. అయితే ఈ రాత్రి మీ ఆవిడను ఒక్కటి గమనించమనండి. మీ గురక ఒకే తీరుగా సాగుతోందా, లేక మధ్యలో ఆగిపోయి, కాసేపు ఏ చప్పుడూ లేక, తర్వాత ఉక్కిరిబిక్కిరి అయినట్టు పెద్ద శబ్దంతో మళ్లీ మొదలవుతోందా? మధ్యలో ఆగుతోందంటే ముక్కు బాగుపడేదాకా ఎదురుచూడొద్దు, నిద్రలో శ్వాసను కొలిచే పరీక్షకు, అంటే స్లీప్ స్టడీకి కూడా ఇప్పుడే తేదీ తీసుకోండి. ఆగకుండా, పగలు నిద్రమత్తు కూడా లేకుండా ఉంటే ముక్కుకు మూడు వారాలు సరైన వైద్యం చేసి చూడొచ్చు. మూడో కోర్సు యాంటీబయాటిక్ మాత్రం మొదలుపెట్టకండి.

నేను గుంటూరులో ఈఎన్‌టీ డాక్టర్‌ని, ప్రాక్టీసు మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు దాటింది. మీలాంటి గొంతు నొప్పితో వచ్చేవాళ్లను వారంలో కనీసం నలుగురిని చూస్తాను. అందులో చాలామంది అప్పటికే యాంటీబయాటిక్ వాడి వచ్చినవాళ్లే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట "టీ తాగేసరికి పోతుంది" అన్నది. సూక్ష్మక్రిములు సోకిన గొంతు అలా ఉండదు. అది మధ్యాహ్నానికీ సాయంత్రానికీ కూడా నొప్పి పెడుతుంది, జ్వరం రావచ్చు, దవడ కింద బిళ్లలు కట్టవచ్చు, నాలుగు రోజుల్లో పెరగడమో తగ్గడమో తేలిపోతుంది. నెలల తరబడి రోజూ పొద్దున వచ్చి, తొమ్మిదింటికల్లా మాయమయ్యే నొప్పి ఎండిపోయిన గొంతుది.

ఎందుకు ఎండిపోతుందంటే, ముక్కు చేసే పని నోరు చేయలేదు. ముక్కు లోపలి గోడల మీద మెత్తటి కండ మడతలుంటాయి, వాటిని టర్బినేట్లు అంటాం. నిండా రక్తనాళాలతో, ఎప్పుడూ తడిగా ఉంటాయి. బయటి గాలి వాటిని రాసుకుంటూ గొంతు చేరేలోపే దాదాపు ఒంటి వేడికి వచ్చి, తేమ నింపుకుంటుంది. నోటితో పీలిస్తే పొడి గాలి తిన్నగా గొంతు వెనక గోడకే తగులుతుంది. పైగా నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది. ఆరేడు గంటలు ఏసీ గదిలోనో, ముఖానికి ఎదురుగా తిరిగే ఫ్యాన్ కిందో ఇది జరిగితే లేచేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉండటంలో వింతేముంది?

గురక దీని మీద ఇంకో దెబ్బ. గురకంటే అంగిటి వెనక మెత్తని భాగం, కొండనాలుక గాలికి రెపరెపలాడటమే. రాత్రంతా అలా కొట్టుకున్న కొండనాలుక పొద్దునకి ఎర్రగా ఉబ్బి, చివర నీరు పట్టినట్టు నిగనిగలాడుతూ వేలాడుతుంది. కొందరికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కూడా ఉంటుంది. విచిత్రం ఏంటంటే పదకొండింటికి నా ఓపీకి వచ్చేసరికి ఆ వాపు చాలావరకు దిగిపోయి ఉంటుంది, నేను టార్చి వేసి చూస్తే గొంతు మామూలుగానే కనిపిస్తుంది. అందుకే నా పేషెంట్లకు లేవగానే, నీళ్లు కూడా తాగకముందు, అద్దం ముందు నిలబడి ఫోన్ లైటు వేసి గొంతు ఫోటో తీసుకోమని చెబుతాను. వెనక గోడ వార్నిష్ పూసినట్టు పొడిగా మెరుస్తూ, కొండనాలుక ఉబ్బి ఉంటే సగం సంగతి తేలినట్టే. టాన్సిల్స్ మీద తెల్లటి చీము మచ్చలు కనిపిస్తే అది వేరే దారి, డాక్టరుకు చూపించాలి.

ఇక ముక్కు. "పగలు నా ముక్కు బాగానే ఉంటుందండీ" అని చాలామంది అంటారు. అది నిజమే కావచ్చు. పడుకోగానే తలకు రక్తం ఎక్కువ చేరి టర్బినేట్లు ఉబ్బుతాయి. ఒక పక్కకు తిరిగి పడుకుంటే కింది వైపు ముక్కు మూసుకుంటుంది. దానికితోడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా కొన్ని గంటలకోసారి ఒక రంధ్రం బిగుసుకుని రెండోది వదులవుతూ ఉంటుంది. రెండు వైపులా దారి విశాలంగా ఉంటే ఇదేమీ తెలియదు. రెండు రంధ్రాల మధ్య గోడ, అంటే దూలం, కొంచెం వంకరగా ఉన్నా, అలర్జీతో కండ ఉబ్బి ఉన్నా, రాత్రి రెండో రంధ్రం బిగుసుకునే సమయానికి గాలికి మిగిలే దారి నోరే.

ఇంట్లో చూసుకోవడానికి రెండు పద్ధతులు. ఫ్రిజ్‌లో కాసేపు పెట్టిన చిన్న స్టీలు పళ్లాన్ని తుడిచి, పై పెదవికి ఆనించి పట్టుకుని, నోరు మూసుకుని ముక్కుతో మామూలుగా గాలి వదలండి. పళ్లెం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటి అరచేతి గుంట అంత, రెండోది రూపాయి బిళ్ల అంత ఉంటే ఆ వైపు దారి ఇరుకుగా ఉన్నట్టు. ఇందాక చెప్పిన మార్పిడి వల్ల ఒక్కసారి చూసి నమ్మకూడదు. పడుకునే ముందు, లేవగానే, మధ్యాహ్నం, ఇలా మూడు రోజులు చూడండి. ఎప్పుడూ ఒకే వైపు చిన్నగా ఉంటే దూలం వంకరో, ఆ వైపు ఇంకేదో అడ్డమో ఉండొచ్చు. వైపు మారుతూ ఉంటే అది మామూలు మార్పిడే కావచ్చు, దిబ్బడ కూడా తెలుస్తుంటే అలర్జీ వాపు అనుకోవచ్చు. రెండో పద్ధతి: ముక్కు పక్కన చెంపను రెండు వేళ్లతో మెల్లగా చెవి వైపు లాగండి. వెంటనే గాలి హాయిగా ఆడితే ముక్కు ముందు భాగంలోనే ఇరుకుంది. అలాంటివాళ్లకు మందు కంటే ముక్కు మీద అంటించే పట్టీలు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇప్పుడు ఒక పేషెంటు సంగతి చెబుతాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. మిర్చి యార్డులో పనిచేసే గుమస్తా, 46 ఏళ్లు, 91 కిలోలు, ఎత్తు ఐదు అడుగుల ఏడు అంగుళాలు, బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. యార్డులోకి సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో ఆ ఘాటుకు ముక్కు కారడం, తుమ్ములు ఆయనకు ప్రతి ఏడూ ఉండేవే. ఈసారి అవి తగ్గినా రాత్రి ముక్కు బిగుసుకోవడం తగ్గలేదు, పొద్దున్నే గొంతు నొప్పి మొదలైంది. జేబులోంచి ఒక చిన్న సీసా తీసి చూపించారు. ముక్కు దిబ్బడకు వేసే జైలోమెటజోలిన్ చుక్కలు. "ఇది లేకపోతే నిద్ర పట్టదండీ" అన్నారు. నాలుగు నెలలుగా వాడుతున్నారు, మొదట్లో రాత్రికి ఒకసారి, ఇప్పుడు మూడు గంటలకోసారి.

ఆ చుక్కలే ఆయన ముక్కును మూసేస్తున్నాయి. అవి రక్తనాళాలను బిగించి క్షణాల్లో దారి తెరుస్తాయి, వాటి బలం దిగిపోగానే అవే నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. ఈ చుక్కలు ఐదు రోజులు దాటి వాడకూడదు. మీ ఇంట్లో అలాంటి సీసా ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చాలామంది దాన్ని మందుగా లెక్కపెట్టరు, అడిగితే గానీ చెప్పరు.

ఆయన చేత ముందు ఒక రంధ్రంలో చుక్కలు మాన్పించాను, వారం తర్వాత రెండోదాంట్లో. రెండింటిలోనూ స్టెరాయిడ్ స్ప్రే రోజూ, అంతకుముందు ఉప్పునీటితో కడగడం. మొదటి నాలుగైదు రాత్రులు ఆయన సరిగా నిద్రపోలేదు, ఫోన్ చేసి కోప్పడ్డారు కూడా. ఆ రాత్రుల సంగతి ముందే చెప్పకపోతే మనిషి నాలుగో రోజు మళ్లీ సీసా తీస్తాడు. రెండో వారం చివరికి దారి తెరుచుకుంది. మూడో వారంలో స్టీలు పళ్లెం మీద మచ్చలు రెండూ సమానంగా పడ్డాయి. వారంలో ఏడు రోజులూ ఉండే గొంతు నొప్పి రెండు మూడు రోజులకు దిగింది.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఆయనకు అన్యాయం జరిగేది. నొప్పి పూర్తిగా ఎందుకు పోలేదన్నది నాకు తేలలేదు. అందుకని వాళ్లావిడను నాలుగు నిమిషాల వీడియో తీసుకురమ్మన్నాను, తెల్లవారుజామున, ఆయన వెల్లకిలా పడుకున్నప్పుడు. ఈ రెండు షరతులకూ కారణం ఉంది. కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ, ఆ నిద్రలో గొంతు కండరాలు బాగా వదులవుతాయి. వెల్లకిలా ఉంటే నాలుక వెనక్కి జారుతుంది. రాత్రి పదకొండింటికి పక్కకు తిరిగి పడుకున్నప్పుడు తీసిన వీడియోలో ఏమీ కనిపించక, అంతా బాగుందనుకున్న కుటుంబాలను చూశాను.

ఆ వీడియో ఇప్పటికీ నాకు గుర్తే. గురక పెరుగుతూ పెరుగుతూ వెళ్లి టక్కున ఆగింది. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ దుప్పటి కింద పొట్ట, ఛాతీ పైకీ కిందికీ కొట్టుకుంటూనే ఉన్నాయి. అంటే మనిషి గాలి కోసం లాగుతున్నాడు, గొంతులో దారి మూసుకుపోయి లోపలికి వెళ్లడం లేదు. గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను, 24 సెకన్లు. తర్వాత ఒళ్లంతా కుదిపేసినట్టు ఒక పెద్ద శబ్దం, నోరు పూర్తిగా తెరుచుకుంది, మళ్లీ గురక. నాలుగు నిమిషాల్లో ఇలా మూడుసార్లు. "ఇన్నేళ్లూ గురక ఆగినప్పుడల్లా హమ్మయ్య, నిద్ర పట్టిందిలే అనుకునేదాన్నండీ" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఇదే స్లీప్ అప్నియా. ముక్కు ఎంత బాగున్నా గొంతు దారి మూసుకుపోయిన ప్రతిసారీ మనిషి నోరు తెరిచే గాలి పీలుస్తాడు, అందుకే పొద్దున గొంతు ఎండుతుంది. ఊపిరి కోసం లాగినప్పుడు ఛాతీలో ఏర్పడే ఒత్తిడికి కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని గొంతును మండించడం కూడా కొందరిలో చూస్తాం.

అప్పుడు ఆయన్ని అడగాల్సినవి అడిగాను. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తారు, షుగరు లేదు. పొద్దున తల బరువుగా ఉంటుంది. మధ్యాహ్నం లెక్కల పుస్తకం ముందు కునుకు. మెడ చుట్టుకొలత 42 సెంటీమీటర్లు. వీటికోసం మేము వాడే ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటుంది: గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, అధిక బరువు, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ, మగవారు కావడం. మూడింటికి అవునని వస్తే పరీక్ష గురించి మాట్లాడతాం, ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గట్టిగా పట్టుబడతాం. ఆ పట్టికలో బరువు హద్దు మన ఒళ్లకు చాలా ఎక్కువ. సన్నగా ఉండి, దవడ కాస్త లోపలికి ఉన్నవాళ్లలో కూడా అప్నియా చూస్తుంటాం కాబట్టి "నేను లావు లేను కదా" అని వదిలేయకండి. ఆడవాళ్లలో గురక కంటే నిద్ర పట్టకపోవడం, అలసట, తలనొప్పి ముందు కనిపించవచ్చు. నెలసరి ఆగాక ఇది ఎక్కువవుతుంది.

స్లీప్ స్టడీలో ఆయనకు గంటకు 38 సార్లు శ్వాస ఆగడమో బాగా తగ్గడమో తేలింది. ఒక్కోటీ కనీసం పది సెకన్లు ఉంటేనే లెక్కిస్తారు. పెద్దవాళ్లలో గంటకు 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 76 శాతానికి పడిపోయింది. సీపాప్ మెషీన్ పెట్టాం. మాస్కు ద్వారా మెల్లగా ఒత్తిడితో గాలి పంపి గొంతు దారిని తెరిచి ఉంచే యంత్రం అది. మొదటి వారంలో గొంతు మళ్లీ ఎండింది, నోటి నుంచి గాలి లీకవుతోంది. మెషీన్‌కు ఉండే తేమ ట్యాంకు స్థాయి పెంచి, మాస్కు మార్చాక సర్దుకుంది. నెల తిరిగేసరికి రాత్రి మూత్రానికి లేవడం ఒక్కసారికి వచ్చింది, గొంతు నొప్పి పోయింది. ముక్కు ముందే బాగుచేసుకోవడం వల్ల ఆయన మాస్కు తట్టుకోగలిగారు. ముక్కు మూసుకుపోయి ఉన్నవాళ్లు ఆ మెషీన్‌ను వారంలో అటకెక్కిస్తారు.

ముక్కు ఆపరేషన్‌తో గురకకు మందు దొరికినట్టేనా? ఈ ప్రశ్న మీకూ ఎదురుకావచ్చు. వంకర దూలం సరిచేస్తే ఊపిరి హాయిగా ఆడుతుంది, నోరు ఎండటం తగ్గుతుంది, గురక శబ్దం కూడా చాలామందిలో తగ్గుతుంది. అప్నియా మాత్రం ఒక్క ముక్కు ఆపరేషన్‌తో పోవడం అరుదు, ఎందుకంటే మూసుకుపోయేది కిందనున్న గొంతు. నా ప్రాక్టీసు తొలి రోజుల్లో ఒకాయనకు దూలం సరిచేశాను. శబ్దం తగ్గింది, ఇంట్లోవాళ్లు సంతోషించారు, నేనూ సంతోషించాను. ఏడాదిన్నర తర్వాత బైకు నడుపుతూ కునుకు పట్టి పడిపోయి వచ్చారు. పరీక్ష చేస్తే గంటకు 40 దాటింది. ఆపరేషన్‌కు ముందే నేను ఆ పరీక్ష చేయించి ఉండాల్సింది. అప్పటినుంచి గురకతో వచ్చేవాళ్లకు నిద్ర గురించి అడగకుండా ముక్కు మీద కత్తి పెట్టలేదు.

ఇప్పుడు మీ విషయానికి. వీడియోలో శ్వాస ఆగడం లేదంటే డాక్టరుకు ఒకసారి ముక్కు లోపల చూపించి, ఆయన రాసిచ్చిన స్ప్రేను మూడు వారాలు రోజూ వాడండి. ఒక్కరోజులో గుణం కనిపించదు, అందుకే చాలామంది మూడో రోజు మానేస్తారు. వాడే తీరు కూడా ముఖ్యం. తల పైకెత్తకండి, కొంచెం ముందుకు వంచండి. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో, మొన కంటి బయటి కొస వైపు చూసేలా పెట్టి కొట్టండి. నేరుగా మధ్య దూలం మీద కొడితే అక్కడ పుండుపడి రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చకండి, మందు గొంతులోకి జారిపోతుంది. ముక్కు కడిగే ఉప్పునీళ్లకు మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోయడం ప్రమాదం, చాలా అరుదుగానైనా అందులోని అమీబా మెదడుకు పాకి ప్రాణం తీయగలదు.

జలుబు మాత్రలతో కూడా జాగ్రత్త. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్నవి నోటిని ఇంకా ఎండబెడతాయి. మద్యం అలవాటుంటే పడుకునే ముందు నాలుగు గంటల్లో వద్దు, నిద్రమాత్రలు డాక్టరు చెప్పకుండా అసలు వద్దు. రెండూ గొంతు కండరాలను వదులు చేస్తాయి. ఈమధ్య వీడియోల్లో చూసి నోటికి టేపు అంటించుకుంటున్నారు. ముక్కు దారి సరిగా లేనివాళ్లకు, అప్నియా ఉందో లేదో తేలనివాళ్లకు నేను దాన్ని ఒప్పుకోను. నోరు తెరుచుకోవడం అక్కడ శరీరం చేసుకుంటున్న ఆఖరి ఏర్పాటు.

కొన్ని సందర్భాల్లో మూడు వారాలు కూడా ఆగొద్దు. ఎప్పుడూ ఒకే వైపు దిబ్బడ ఉండి రక్తమో దుర్వాసనో వస్తుంటే, గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే, మింగుడు పడకపోతే, మెడలో గడ్డ తగిలితే వెంటనే చూపించుకోవాలి. పగలు బండి నడుపుతూ కునుకు పడుతుంటే పరీక్ష అయ్యేదాకా దూరప్రయాణాల్లో స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి.

ఇంట్లో చేసే స్లీప్ టెస్టు గురించి ఒక్క మాట. వేలికి, ముక్కుకు, ఛాతీకి తగిలించే ఆ చిన్న పరికరం మీలాంటి పెద్దవాళ్లకు చాలావరకు సరిపోతుంది. అయితే అది నిద్రను కొలవదు, మీరు పరికరం పెట్టుకున్న సమయాన్ని కొలుస్తుంది. మీరు సగం రాత్రి మేలుకుని ఉంటే లెక్క తక్కువ చూపిస్తుంది. లక్షణాలు గట్టిగా ఉండి రిపోర్టు మామూలుగా వస్తే, ఆసుపత్రిలో పడుకుని చేసే పూర్తి పరీక్ష అడగండి. చేతి గడియారం చూపించే ఆక్సిజన్ అంకెను బట్టి లేదనీ ఉందనీ తేల్చుకోకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు లేవగానే తీసిన గొంతు ఫోటో, తెల్లవారుజామున తీసిన వీడియో, మీ బీపీ అంకె, టైలరు టేపుతో కొలిచిన మెడ చుట్టుకొలత, వాడిన ప్రతి మందు పేరు, ముక్కు చుక్కల సీసాతో సహా, పట్టుకెళ్లండి. వీలైతే మీ ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి. మీ నిద్ర గురించి మీకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.